చివరికి నెట్టిన ఐసు మాట

భీమవరం దగ్గర మా రొయ్యల ప్లాంటులో నిరుడు ఆ రోజు ప్రెజెంటేషన్ చెడింది, ఆమె పైఅధికారినైన నా వల్ల. క్వాలిటీ విభాగం చూసే అమ్మాయి వల్ల కాదు. ఇన్నాళ్ళూ అందరికీ తిరగేసి చెప్పాను కాబట్టి ఈ మాటే ముందు రాస్తున్నాను.

ఆమె ప్రతిపాదన ఒక్కటే: రొయ్యలు పట్టే రోజున ఐసు మనమే చెరువు గట్టుకు పంపాలి. దానికి ఆమె దగ్గర పదకొండు కారణాలు ఉండేవి. ఒకే జాతివి ఒకచోట చేర్చి మూడు కట్టలు కట్టింది. సరుకు పాడవదు, రైతు మనతోనే ఉంటాడు, ప్లాంటులో పని ఆగదు. రొయ్యల తలలు నల్లబడటం, కండ మెత్తబడటం మొదటిదాని కిందకు వచ్చాయి. ఏ కారణమూ రెండు చోట్ల లేదు. ‘పక్క కంపెనీ వాళ్ళూ చేస్తున్నారు’ అన్నది మాత్రం ఎందులోనూ ఇమడలేదని తీసేసింది. అది నేనిచ్చిన పాయింటు. అన్నిటికీ పైన, మొదటి స్లైడులోనే, ఐసు మాట పెట్టింది.

“చైర్మన్ గారి ముందు నోరు తెరవగానే ఇది చెయ్యాలండి అంటే ఏం బావుంటుందమ్మా? ఆర్డరేసినట్టు!” అన్నాను.

“ఆర్డరు కాదండి, జవాబు. ఎందుకని ఆయనే అడుగుతారు. అప్పుడు కింద మూడూ చెప్తాం.”

“కుశలం అడక్కుండా సంబంధం మాట ఎత్తుతామా?”

“మనం వెళ్ళేది పెళ్ళిచూపులకి కాదు కదండీ.”

నవ్వేసి, మొదటి స్లైడును చివరికి లాగేశాను. అదే మర్యాద అనుకున్నాను.

మీటింగులో నల్లబడిన తలల ఫొటో రాగానే చైర్మన్ గారు ముందుకు వంగారు. “అయితే ఏంటి, మన కొనుగోలు వాళ్ళు కళ్ళు మూసుకుని కొంటున్నారా?”

“అది కాదండి, చివర్లో...” అంటోంది ఆమె. ఆయన అప్పటికే ఫోనులో కొనుగోలు మేనేజర్ని కేకలేస్తున్నారు. మేము తేల్చి చెప్పని విషయాన్ని ఆయనే తేల్చేసుకుని లేచిపోయారు. ఐసు స్లైడు తెర మీదకే రాలేదు.

మెట్లు దిగుతూ నన్నడిగారు, “ఇంతకీ ఆ అమ్మాయి ఏం చెప్దామనుకుందయ్యా?”

“చదువుకుంది గానీ, చెప్పడం రాదండి” అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆమెను మీటింగులకు పిలవడం మానేశారు. ఆమె తయారుచేసిన స్లైడులు వేరేవాళ్ళు చదివేవారు.

ఈ ఏడాది సరుకు మళ్ళీ పాడవుతుంటే, ఆమె పాత ఫైలే తీసుకుని చైర్మన్ గారి దగ్గరకు వెళ్ళాను. ముందు ఐసు మాట చెప్పాను. “ఎందుకు?” అన్నారు. మూడూ చెప్పాను. టీ చల్లారకముందే సరేనన్నారు.

“ఇంత సూటిగా చెప్పడం ఎప్పుడు నేర్చావయ్యా?”

“ఇది ఆ అమ్మాయిదండి. ఆ రోజు వరస మార్చింది నేను. చెప్పడం రాదని నింద వేసిందీ నేనే.”

ఆయన వెంటనే ఆమెను పిలిపించారు. “ఐసు పని నువ్వే చూసుకోమ్మా. ఇకమీద మీటింగుల్లో నువ్వే మాట్లాడు.”

బయటికొచ్చాక క్షమించమన్నాను. “ఈ మాట కొనుగోలు వాళ్ళకీ చెప్పండి సార్. వాళ్ళ మీద నేనే ఫిర్యాదు చేశాననుకుని ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు” అంది.

వెంటనే వాళ్ళ గదికి వెళ్ళాను. తప్పు నాదని ముందు చెప్పి, ఆ తర్వాతే కూర్చున్నాను.