అంగడి పాలసీలో నా సైకిలు

మా అత్తవారింట్లో ఈనాటికీ ఒక కథ చెబుతారు. ఇన్సూరెన్సు కంపెనీ మనిషి ముందు నేను నోరు మూసుకుని ఉంటే పోయిన సైకిలుకు పరిహారం వచ్చేదట. నా నోటి దురుసే అంతా చెడగొట్టిందట. పెళ్ళి పంక్తుల్లో నన్ను చూపించి మరీ చెబుతారు. పచ్చి అబద్ధం.

అవి యాభైల నాటి రోజులు. కడపలో మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, బట్టల అంగడి ఉండేది. నేను బుగ్గవంక ఏటికి అవతలి పల్లెలో టీచరును. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బస్సు ఎప్పుడూ బడి గంట కొట్టాకే చేరేది. అందుకని నా జీతంతో కొత్త లేడీస్ సైకిలు కొనుక్కున్నాను. సైకిలు ఉంటేనే ఉద్యోగం, అంతే.

కొన్న కొన్నాళ్ళకే ఇన్సూరెన్సు ఏజెంటు అంగడికి వచ్చాడు. సైకిలుకు విడిగా పాలసీ ఉందనీ, వీధిలో పోయినా, ఏ బండో గుద్ది చక్రం వంగినా చెల్లుతుందనీ చెప్పాడు. నేను సరేనన్నాను. బావగారు అడ్డం తగిలారు.

"దానికి మళ్ళా ఇంకోటి ఎందుకప్పా? అంగడికి దొంగతనం పాలసీ ఉండాది కదా. రాత్రిపూట సైకిలు ఈడనే పెడ్తాంది. అందులోనే రాసేయ్."

"రాత్రి సరే బావా, పగలంతా వీధిలోనే కదా ఉంటాది?" అన్నాను.

"చదువుకున్న కోడలు తెచ్చుకుంటే ఇదే తంటా," అన్నారు పక్కనే ఉన్న అత్తగారు. "సైకిలు తొక్కేది చాలక దానికో పాలసీ అంట."

ఏజెంటు నసిగాడు. పెద్ద అంగడి ఆసామిని కాదనే ధైర్యం లేక, బట్టల తానుల పక్కన నా సైకిలును కూడా చేర్చుకుని పోయాడు. మా ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం విద్యాశాఖ ఆఫీసులో పని పడింది. సైకిలును గోడ పక్కన నిలబెట్టి, తాళం వేసి లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చేసరికి తాళంచెవి నా చేతిలో ఉంది, సైకిలు లేదు. నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళి, ఎక్కడ పోయిందో రాసిచ్చి ఇంటికి వచ్చాను.

"స్టేషనుకు పోయే ముందు నన్నొక మాట అడగొద్దా?" అని బావగారు మండిపడ్డారు. మర్నాడు పొద్దున అంగడి వెనక వాకిలి గడియ విరిగి వేలాడుతోంది. ఎవరు విరిచారో నేను చెప్పనక్కరలేదు.

పరిహారం కావాలని బావగారు రాసి పంపితే కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "సైకిలు యాడ పెట్టినారు?" అని అడిగాడు.

"ఈడనే, ఈ గోడకు ఆనిచ్చి. వాకిలి ఇరగ్గొట్టి ఎత్తుకపోయినారు," అన్నారు బావగారు.

ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగాడు. "తొక్కేది మీరు కదమ్మా, మీరు చెప్పండి."

"విద్యాశాఖ ఆఫీసు ముందర పోయింది. పోలీసులకు కూడా అట్లే రాసిచ్చినా," అన్నాను.

ఇదిగో, వీళ్ళు కథ ఆపేది ఇక్కడే. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు అన్న మాటలు ఒక్కరూ చెప్పరు.

"పెద్దాయనా, ఈ పాలసీ అంగడి లోపలికే. పగలగొట్టుకుని లోపలికొచ్చి ఎత్తుకపోతేనే చెల్లుతాది. పోలీసుల కాగితం నేనెట్లాగూ చూస్తా. అబద్ధం అని తేలుంటే సైకిలుతో పాటు నీ పాలసీ మొత్తం పోతాండె. ఈయమ్మ నిన్ను కాపాడింది."

"విడిగా తీసుకుని ఉంటే?" అని నేను వదలకుండా అడిగాను.

"తాళం వేసినారు కాబట్టి వచ్చుండేదమ్మా. కొన్న ధర రాదు, పోయిన నాటికి దాని విలువే. గంటో లైటో ఒక్కటే పీక్కపోతే రాదు, టైరు అరిగితే రాదు. ఏ బండన్నా గుద్దితే రిపేరు ఖర్చు వస్తాది. మీరే ఎవరినన్నా గుద్దితే వాళ్ళకియ్యాల్సింది కంపెనీ ఇస్తాది. మూలన పడుండే పాత సైకిలుకైతే అదంతా దండగే. దినామూ వీధిలో నిలబెట్టే కొత్త సైకిలుకు మాత్రం ఉండాల్సిందే."

బావగారు అతనికి కాఫీ కూడా ఇప్పించలేదు.

ఇంకో సైకిలు కొనే డబ్బు లేక, ఎండల్లో వంక దాటి నడిచి బడికి పోయాను. ఎంత తొందరగా బయలుదేరినా వంట ముగించి కదిలేసరికి ఆలస్యమే. హెడ్మాస్టరు ఓపిక పట్టి పట్టి, ఆలస్యాలన్నీ పైకి రాశారు. నా స్థానం ఇంకొకరికి ఖాయం చేశారు. పంక్తి భోజనాల్లో ఈ ముక్క కూడా వినపడదు. కొన్నేళ్ళకు కర్నూలులో మళ్ళీ ఉద్యోగం దొరికినప్పుడు, సైకిలు కొన్న రోజే నా పేరు మీద విడిగా పాలసీ తీసుకున్నాను. ఎవరినీ అడగలేదు.

బావగారికి ఆ రోజుల్లోనే ఎర్రగుంట్లకు తిరిగే లారీ ఒకటి ఉండేది. దానికి అంగడి పాలసీ చాలునని ఆయన ఏనాడూ అనలేదు, విడిగానే కట్టారు. లారీ రోడ్డు మీద తిరుగుతుందని తెలిసిన మనిషికి, నా సైకిలు రోజంతా అంగట్లోనే గోడకు ఆనుకుని ఉంటుందని ఎట్లా తోచింది? ఎదురుపడినప్పుడల్లా ఈ మాటే అడుగుతాను. వినపడనట్టు తువ్వాలు దులుపుకుంటారు. నిజంగానే తెలియక రాయించారా, లేక బడికి పోయే ఆడదాని సైకిలు ఎన్నాళ్ళు ఉంటుందిలే అనుకున్నారా?