సంపు నిండినా తిరిగిన చక్రం

జహేదా ఏ పనీ సగంలో వదలదని మచ్చ బొల్లారంలో ఆ గల్లీ అంతటికీ తెలుసు. షామీర్‌పేట దగ్గర కూరగాయల చేలలో పెరిగి, ఇక్కడికి కోడలుగా వచ్చి, కుట్టుమిషన్ తొక్కి ఇంటికి గోడలు లేపిన మనిషి. జాకెట్ మీద ఒక్క కుట్టు వంకర పోయినా మొత్తం విప్పేది. "ఎవరికి కనవడ్తది ఆపా?" అంటే, "నాకు కనవడ్తది" అనేది.

ఆ ఇంటికి ఈసారి నల్లా బిల్లు రెండింతలు దాటి వచ్చింది. ఆమె భర్త జలాల్ ట్రాలీ ఆటో నడుపుతాడు. బిల్లు చూడగానే ఆయన చూపు వెనక గది మీదికి పోయింది. అందులో అద్దెకుండే సాలమ్మ షామీర్‌పేట చెరువు చేపలు తెచ్చి మూలమలుపు దగ్గర అమ్ముకుంటుంది.

"చేపలు కడగనీకి ఎన్ని బకెట్లు గుమ్మరిస్తాందో చూసినవా? ఖాళీ జెయ్యమను."

"లీకేజీ ఉందేమో చూడకుండనే అంటే ఎట్ల?" అంది జహేదా.

ఆ మధ్యాహ్నమే ఇంట్లో నల్లాలన్నీ కట్టేయించి మీటరు అంకెలు చూసింది. సాయంత్రం నమాజు అయ్యాక మళ్లీ చూసింది. అంకె కదల్లేదు.

"ఇగో, లీకేజీ లేదు ఏం లేదు. వాడకమే!" అన్నాడు జలాల్, వెనక గదికి వినబడేటట్టే.

సాలమ్మ గడపలోకి వచ్చింది. "చేపల వాసన పడ్తలేదంటే గా మాట చెప్పుండ్రి భాయ్, పోత. నీళ్లు దుబారా జేసినదన్న పేరు మాత్రం పెట్టకుండ్రి." లోపలికి పోయి గిన్నెలు మూటగట్టడం మొదలుపెట్టింది. చేపలమ్మే మనిషికి గది దొరకడం అంత తేలిక కాదు. ఈ ఇంటికి రాకముందు ఎన్ని గడపలు ఎక్కి దిగిందో జహేదాకు తెలుసు.

మరునాడు మిషన్ ముందు కూర్చున్న జహేదా కాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. వాళ్ల గల్లీకి నీళ్లు వదిలేది రోజు విడిచి రోజు, అదీ పొద్దున కాసేపే. మధ్యాహ్నం పైపులో నీళ్లే ఉండవు. పైపుకు చిల్లు ఉన్నా లేకున్నా అప్పుడు మీటరు ఎందుకు తిరుగుతుంది? తను చూసింది ఎండిన పైపును.

లేచి నేరుగా వెనక గదికి వెళ్లింది. "సాలమ్మా, మూట కట్టుడు ఆపు. రేపు నల్లా వచ్చేదాక ఉండు. నేను జూసింది తప్పు."

"ఆపా, ఇగ చూసుడెందుకు?"

"నాకు తెల్వాలె."

పొద్దున నీళ్లు వచ్చాయి. మోటారు వెయ్యొద్దని, ఎవరూ నల్లా విప్పొద్దని చెప్పి, వాకిట్లో నేలలో కట్టిన సంపు మూత తీసి పక్కనే కూర్చుంది జహేదా. నీళ్లు నిండేకొద్దీ పైపు మూతికున్న బాలు పైకి తేలింది. బాలు వాల్వు మూసుకుంది. ధార సన్నబడి పూర్తిగా ఆగింది. ఇక చుక్క కూడా లోపలికి రావడం లేదు. అప్పుడు మీటరు దగ్గరికి వెళ్లి వంగి చూసింది. అంకెల పక్కనున్న చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"సునో, ఇటు రాండ్రి!" అని జలాల్‌ను పిలిచింది. సంపు దగ్గరి వాల్వు కూడా కట్టేసింది. అయినా చక్రం ఆగలేదు. మీటరు పక్కనున్న వాల్వు తిప్పింది. టక్కున ఆగింది.

"మీటరు మంచిగనే ఉంది. నీళ్లు మీటరు దాటినంక, సంపు దాక రాకముందే పోతున్నయి."

"మరి తడి ఎక్కడుంది?" అన్నాడు జలాల్. వాకిలంతా పొడిగానే ఉంది.

జహేదా మీటరు వాల్వు మళ్లీ విప్పి గేటు బయటికి నడిచింది. రోడ్డు వారన మోరీ కాలువలోకి, గేటు స్తంభం కింది నుంచి తేట నీళ్లు సన్నగా జారుతున్నాయి. ఆమె ఆ స్తంభాన్నే చూస్తూ నిలబడింది. ట్రాలీ లోపలికి పట్టాలని ఈ మధ్యే జలాల్ వెడల్పు గేటు పెట్టించాడు. దగ్గరుండి ఆ స్తంభానికి గుంత తవ్వించిందీ ఆయనే.

ప్లంబర్ కుర్మయ్య వచ్చి గచ్చు పగలగొట్టాడు. స్తంభం మొదట్లో పైపుకు గడ్డపార మొన దిగిన చిల్లు కనిపించింది. "పైన సిమెంటు పోసిండ్రు, కింద కంకర. నీళ్లు పైకెట్ల వస్తయి? సక్కగ మోరీకే పోయినయి" అని ఆ ముక్క కోసి కొత్తది అతికించాడు.

జలాల్ తల గోక్కున్నాడు. వెనక గది దాకా నడిచాడు. "సాలమ్మా, గల్తీ నాది."

"ఇగ నా బకెట్లు లెక్కవెట్టరు గదా భాయ్?"

"లెక్కవెడ్తే నన్ను గీమె ఇంట్ల ఉండనిస్తదా?"

సాలమ్మ నవ్వింది గానీ మూట విప్పలేదు. పని అయిపోయిందని జహేదా కూడా ఇంకా ఒప్పుకోలేదు. మళ్లీ నీళ్లొచ్చే పొద్దున సాలమ్మను చెయ్యి పట్టుకుని మీటరు దగ్గరికి తీసుకుపోయింది. "నేను చెప్తే ఏంది, నువ్వే చూడు."

సంపు నిండింది. బాలు లేచింది. సాలమ్మ కొంగు నడుముకు దోపుకుని వంగింది. చక్రం నెమ్మదించి, ఒకసారి ఊగి నిలిచిపోయింది. ఇద్దరూ చాలాసేపు అలాగే చూశారు.

"ఆగింది ఆపా."

"మళ్ల చూడు."

"ఆగింది."

సాలమ్మ లేచి లోపలికి పోయింది. మూట విప్పి, చేపలు కడిగే తాంబాళం తీసి, వాకిట్లో ఎప్పటి చోటనే పెట్టుకుంది.