పాయింటు పాయింటే

మా వరసిళ్ళ ఓనరు బుల్లియ్య గారికి మీటరుతో పని లేదండి. బల్బు పెట్టే ఒక్కో చోటుకి కరెంటు కింద నెలకి వంద, అంతే. దాన్ని ఆయన పాయింటు అంటాడు. నేను చేపలమ్ముకునే తలుపులమ్మని. నా గోడవతల నాగదుర్గ, జాందానీ చీరలు నేస్తుంది. ఉప్పాడలో ఆవిడ సొంతిల్లు సముద్రం మింగేస్తే ఇక్కడికొచ్చి, నేల తవ్వించుకుని గుంట మగ్గం వేసుకుంది. ఆవిడ ఇంట్లో మూడు పాయింట్లు.

ఈ మధ్య ఆవిడకి సన్న పోగు కళ్ళకి ఆనడం లేదు. కళ్ళద్దాలకి రెండున్నర వేలు చెప్పారు. బల్బులు మారిస్తే కరెంటు తగ్గి, ఓనరు పాయింటు డబ్బులు తగ్గిస్తాడని, ఆ మిగులుతో అద్దాలొస్తాయని లెక్కేసి నన్ను కూర్చోబెట్టింది.

"అక్కా, అరవై వాట్ల బల్బు రోజుకి ఆరు గంటలు వెలిగితే ఏడాదికి నూట ముప్పై యూనిట్లు. యూనిట్ ఎనిమిదేసుకున్నా వెయ్యీ యాభై. పైగా ఏడాదికి రెండు మాడిపోతాయి, ఇంకో నలభై. తొమ్మిది వాట్ల ఎల్ఈడీకి కరెంటు నూట అరవయ్యే. కొనడానికి వంద, నాలుగేళ్ళన్నా ఉంటుంది. కొన్న ఏడాదే మూడింటి మీదా రెండున్నర వేలు మిగులుద్ది!"

సొంత డబ్బుతో మూడూ కొని పెట్టింది. నెలాఖరున బుల్లియ్య గారు మామూలుగానే మూడొందలకి చెయ్యి చాపాడు.

"ఎల్ఈడీలు పెట్టానండి. కరెంటు బాగా తగ్గింది కదండీ," అంది.

"బల్బు ఏదైతే నాకేంటమ్మా? పాయింటు పాయింటే."

"పోనీ నా ఖర్చుతోనే సబ్ మీటరు పెట్టించుకుంటానండి."

"అలాంటి పేచీలు పెట్టేవాళ్ళకి నా ఇల్లు కుదరదు. ఖాళీ చేసెయ్."

నాగదుర్గ మగ్గం గుంట వైపు చూసింది. గుంటని మూటగట్టుకుని వెళ్ళగలదా? పడుగు మీద సగం చీర ఉంది. మళ్ళీ నేల తవ్వనిచ్చే ఇల్లెక్కడ దొరుకుద్ది? అది ఆయనకీ తెలుసు, సచ్చినోడికి.

"పాత బల్బులే పెట్టవే! ఆయన కరెంటే కాలనీ!" అన్నాను, ఆయన వెళ్ళాక.

మర్నాడు పొద్దున్నే మగ్గం మీద అరవై బల్బు వెలిగింది. మధ్యాహ్నానికి ఆ వేడికి చెమట కారి ఒక చుక్క పట్టు మీద పడింది. మరక పడితే కూలి కోస్తారు. ఆవిడ హడలిపోయి గుడ్డతో అద్ది, బల్బు తీసేసి ఎల్ఈడీ పెట్టేసుకుంది. కోపం చూపించుకునే వీలు కూడా లేదు పాపం.

పై నెల బుల్లియ్య గారు నవ్వుతూ వచ్చాడు. మా అందరినీ గుమ్మాల్లోకి పిలిచాడు.

"ఈసారి నా కరెంటు బిల్లు తగ్గిందర్రా! మీరు కూడా నాగదుర్గలాగే సొంతంగా తెల్ల బల్బులు కొనుక్కుని పెట్టుకోండి. కళ్ళకీ మంచిది."

నాగదుర్గ మూడొందలూ ఆయన చేతిలో పెట్టి లోపలికెళ్ళింది. పోగు కోసం ముఖం పడుగుకి ఆనేదాకా వంచింది.