నూటయాభై మాటల్లో మాజీ సర్పంచ్

జహీరాబాద్ చుట్టుపక్కల ఎవరైనా పెద్దమనిషి పోతే ఆ సంగతి ఆయనకంటే ముందు నాకే తెలుస్తుందని తోటి విలేకరులు ఎగతాళి చేసేవారు. ఒక తెలుగు దినపత్రికకు పట్టణ విలేకరిగా ఉన్న ఆ ఏళ్లలో నేను రాసినవాటిలో సగం చావులే. వాటికి నా దగ్గర ఒక అచ్చు ఉండేది. పేరూ ఊరూ మార్చితే చాలు. ప్రతివాడూ అజాతశత్రువే, ప్రతివాడూ పేదల పెన్నిధే, ప్రతి మరణమూ మండలానికి తీరని లోటే. నేను రాసినవన్నీ నిజమైతే మండలంలో ఈపాటికి లోటు తప్ప మరేమీ మిగిలి ఉండకూడదు.

ఒకరోజు పొద్దున్నే ఝరాసంగం దగ్గరి పల్లెలో మాజీ సర్పంచ్ ఒకాయన పోయాడు. నేను బండి మీద వెళ్లి, దండ వేసినవాళ్ల పేర్లు వరసగా రాసుకుని, గంటలో వార్త ఫోన్లోంచి పంపేశాను. నాయకుల పేర్లు ఒక్కటీ వదల్లేదు. వదిలితే ఆ మనిషి ఏడాదిపాటు పలకరించడు.

మధ్యాహ్నం, మా వార్తలు దిద్దే సంగారెడ్డి డెస్క్ నుంచి ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద, కోపం వస్తే గొంతు తగ్గించే రకం.

“తమ్మీ, సూడనీకి వచ్చినోళ్ల పేర్లు పద్నాలుగున్నయి. పోయినాయన యాడున్నడు?”

మొదటి వాక్యంలోనే ఉన్నాడన్నాను. అక్కడ ఉన్నది ఆయన పేరేగానీ ఆయన కాదన్నాడు. జిల్లా పేజీలో జాగా ఉందట, నూటయాభై మాటలు కావాలట, ఆరు గంటలలోపు. పొగడ్త మాట కనబడితే కొట్టేస్తానన్నాడు. ఎలా రాయాలో కూడా చెప్పాడు. మొదటి వాక్యంలో ఎవరు, ఏ ఊరు, ఎన్నేళ్లు, ఊరు ఆయన్ను దేనికి గుర్తుంచుకుంటుంది. దాని కింద ఒకే ఒక్క సంగతి, కళ్లకు కనబడేటట్టు. పదవులు ఆ తర్వాత. కుటుంబం, అంత్యక్రియలు చివర్లో. జాగా చాలకపోతే కిందినుంచి కోస్తారు కాబట్టి మనిషిని పైనే ఉంచాలి.

మళ్లీ బండి తీశాను. దారి పొడుగునా కందిచేలు, మనసు నిండా డెస్క్ మీద తిట్లు.

ముందు వయసు దగ్గరే తంటా వచ్చింది. కొడుకు ఎనభై నాలుగన్నాడు. ఆధార్ కార్డులో డెబ్బై ఎనిమిది ఉంది. కార్డు తప్పన్నాడు. ఓటరు కార్డు తెచ్చి చూస్తే మూడో వయసు తేలింది. చివరికి ఆయన భార్య, పెళ్లినాటికి తనకెంతో ఆయనకెంతో వేళ్లమీద లెక్కగట్టి ఆధారే నిజమని తేల్చింది. తండ్రికి ఆరేళ్లు తగ్గినందుకు కొడుకు నావైపు చూసిన చూపులో, ఆ ఆరేళ్లూ నేనే నొక్కేశానన్న అనుమానం ఉంది.

ఇక ఆయన చేసిన పనులు. కొడుకు నన్ను ఊరంతా తిప్పి శిలాఫలకాలు చూపించాడు. గ్రంథాలయానికి ఒకటి, పశువుల దవాఖానకు ఒకటి, మహిళా భవనానికి ఒకటి. అన్నింటి మీదా ఆయన పేరుంది. ఏ ఒక్కదాని వెనకా భవనం లేదు. పశువుల దవాఖాన రాయికి మాత్రం ఒక బర్రె కట్టేసి ఉంది. ఆ రాయి కాస్తయినా పనికొచ్చింది. ఊళ్లో ఎవరినడిగినా “మంచోడు సారూ” అన్నారు. ఎట్లా మంచోడంటే, “చానా మంచోడు” అన్నారు.

వెళ్లిపోదామని మళ్లీ ఇంటికొచ్చి ఆయన భార్య దగ్గర సెలవు తీసుకోబోయాను. ఆవిడ తలెత్తకుండానే ఒక మాట చెప్పింది.

“ఎవరింట్ల సావైనా పోతుండె. ముద్ద నోట్లున్నా లేసి పోతుండె. మాల మాదిగ అని సూడకపోతుండె.”

నాకు ప్రాణం లేచివచ్చింది. ఇదీ సంగతి. కానీ ఇంట్లోవాళ్ల మాట ఒక్కటే రాస్తే డెస్క్ ఊరుకోదు. సరిచూసుకుందామని దళితవాడకు వెళ్లాను. మొదటి ఇంటి ముందు ఒక ముసలమ్మ పెసరకాయ ఒలుస్తూ కూర్చుంది. ఐదారేళ్ల కింద తన భర్త పోయాడని చెబితే, అప్పుడు సర్పంచ్ వచ్చాడా అని అడిగాను. వచ్చిండు, పాడె లేచేదాక ఉన్నడని చెప్పింది. నేను రాసుకుంటుంటే లేచి లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది.

“ఇప్పుడే చాయ్ తాగిన అవ్వా,” అన్నాను.

నేను ఎక్కడా చాయ్ తాగలేదు. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు. తెలియదని రాసుకోవడం కూడా ఒక పెద్దమనిషి తరహాయే.

ముసలమ్మ నవ్వింది. “ఆయన గుడ గట్లనే అంటుండె. వాకిట్ల నిలవడుతుండె. లోపటికి రాకపోతుండె, నీళ్లు తాగకపోతుండె. సావుకైతే తప్పకుంట వస్తుండె.”

చెంబు అందుకుని గడగడా తాగాను. ఆమె అప్పటికే మళ్లీ పెసరకాయలో పడింది. నా త్యాగాన్ని ఎవరూ చూడలేదు.

తిరుగుదారిలో హోతి అనే ఊరి దగ్గర ఒక హోటల్లో కూర్చుని ఫోన్లో టైప్ చేశాను. ‘ఊళ్లో ఏ ఇంట చావు జరిగినా వెళ్లి నిలబడే మనిషిగా పేరున్న మాజీ సర్పంచ్’ అని మొదటి వాక్యం. రెండో పేరాలో వాడ సంగతి: ‘దళితవాడకూ వెళ్లేవారు. ఇంట్లోకి మాత్రం అడుగుపెట్టేవారు కాదు.’ ఫలకాలకు ఒక వాక్యం ఇచ్చాను, భవనాలు ఇంకా కట్టాల్సి ఉందని చేర్చాను. ఎంత బాగా రాశానో అని నాకు నేనే మురిసిపోయాను.

ఇన్‌ఛార్జి ఫోన్ చేసి ‘మాత్రం’ తీసెయ్యమన్నాడు.

“అది నీ ఎక్కిరింపు. ఆయన ఏం జేసిండో ఉంచు. నువ్వేమనుకుంటున్నవో తియ్యి. సచ్చినోడు జవాబియ్యడు గద.”

నాకు రోషం వచ్చింది. అంతకంటే ఎక్కువగా, కొడుకు ఫోన్ చేస్తే ఏం చెప్పాలన్న భయం వచ్చింది. రోషం పేరుతో భయాన్ని దాచుకుని, మొత్తం వాక్యమే మార్చి పంపాను: ‘దళితవాడలో వాకిట నిలబడేవారు, పాడె లేచేదాకా నీళ్లయినా ముట్టేవారు కాదు.’ ఇటు చదివితే ఇట్లా, అటు చదివితే అట్లా ఉంటుంది. ఇన్‌ఛార్జి మళ్లీ ఫోన్ చేశాడు. “తెలివిగల్లోనివే,” అని పెట్టేశాడు. అది మెచ్చుకోలు కాదని తర్వాత అర్థమైంది.

మర్నాడు కొడుకు ఫోన్ చేశాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “అన్నా, నాయిన ఊరి కోసం మంచినీళ్లు గూడ ముట్టకుంట నిలవడ్డడని మీరొక్కరే రాసిన్రు,” అన్నాడు. పెద్దకర్మ నాటికి ఆ వాక్యాన్ని ఫ్లెక్సీ కొట్టించి, దండం పెడుతున్న తండ్రి ఫొటో కింద వేయించి, తీసుకెళ్లి దళితవాడ మూలమలుపులోనే కట్టించాడు.

భోజనానికి పిలిస్తే వెళ్లాను. తిరిగివస్తుంటే ఫ్లెక్సీ కింద ముసలమ్మ నిలబడి ఉంది. మనవరాలు గట్టిగా చదివి వినిపిస్తోంది. ఆ పక్కనున్న నలుగురూ నవ్వుకుంటున్నారు. నన్ను చూసి ముసలమ్మ ఆగమంది.

“నీళ్లు ముట్టలేదని రాసినవు. మంచిగనే ఉంది. ఎందుకు ముట్టలేదో రాయకపోతివి?”

మాటలు నూటయాభై దాటకూడదన్నారని చెప్పాను. అట్లనా అంది, నమ్మినట్టే తలూపింది. బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను. నేను పంపింది నూట ముప్ఫై ఎనిమిది.