వరుసంతా వాడుకున్న నెట్

"మీ చెల్లె ఇంట్ల నెట్ ఆగనే ఆగదు" అని మా అత్తగారు ఫోనులో చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. చెల్లె అంటే నా తోటికోడలు, మా మరిది భార్య. ఆమె పప్పు వండితే అందరూ బాగుందంటారు. అదే పప్పు నేను వండితే ఉప్పు సరిపోయిందా లేదా అని చూస్తారు. ఇప్పుడు నెట్‌లో కూడా ఆమే గొప్పా అని ఒళ్ళు మండింది.

అప్పటికి మా ఆయనకు అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లు ఉద్యోగం ఖాయమైంది. ఖమ్మంలో ఇల్లు ఖాళీ చేయాలి. నా పని మాత్రం ఇంటి నుంచే. ఒక ఆసుపత్రికి వచ్చే ఫోన్లు ఎత్తి, డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇస్తాను. ఇల్లు మారితే కొత్త ఇంట్లో నా పేరు మీదే వైరు కనెక్షన్ ఉండాలన్నది మా కంపెనీ షరతు. ఫోను హాట్‌స్పాట్ చెల్లదు, పక్కింటి వైఫై చెల్లదు. లేదంటే ఉద్యోగం అక్కడితో సరి.

మరిది మాకోసం ఇల్లు చూసిపెట్టాడు. ఎక్కడో కాదు, వాళ్ళ ఐదిళ్ళ వరుసలోనే, చివరి పోర్షన్. ఆమెది నడిమి ఇల్లు. వెనక పామాయిల్ తోట, ముందు సన్న దారి. మిల్లు దగ్గరని మా ఆయనకు తెగ నచ్చింది. నాకు నచ్చలేదని చెప్పడానికి కారణం దొరకలేదు, దొరికినది పైకి చెప్పేది కాదు.

నెట్ కంపెనీల వెబ్‌సైట్లలో పిన్‌కోడ్ కొడితే అన్నీ ఉన్నాయని పచ్చ గుర్తు వచ్చింది. పిన్‌కోడ్ ఊరందరిదీ. ఆ గోడకు ఏ వైరు వచ్చిందో దానికేం తెలుసు? అందుకే ఒక ఆదివారం బస్సెక్కి నేనే వెళ్ళాను.

ఇంటి ఓనరు గోడ చూపించి "ఇగో, వైరు గూడ ఉన్నది" అన్నాడు. అది పాత ల్యాండ్‌లైన్ రాగి వైరు. చివర తెగి, చిలుం పట్టి ఉంది. దాని పక్కన నల్లగా లావుగా వేలాడేది టీవీ కేబుల్. ఫైబర్ వైరు సన్నగా ఉంటుంది, గోడ దగ్గర చిన్న డబ్బాలోకి దిగుతుంది. అలాంటిది అక్కడ లేదు. టవర్ సిగ్నల్‌తో నడిచే వైర్‌లెస్ బాక్స్ సంగతీ చూద్దామని ఫోను పట్టుకుని డాబా ఎక్కాను. టవర్ వైపు పామాయిల్ మట్టలే అడ్డం. పైన కాస్త వచ్చిన సిగ్నల్ వంటింట్లోకి వచ్చేసరికి ఒక గీతకు పడిపోయింది. వచ్చినా కంపెనీ ఒప్పుకోదు గనక దిగిపోయాను.

ఇక మిగిలింది ఇరుగుపొరుగును అడగడం. నెట్ ఉందా అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. ఏ వైరు, ఎవరి పేరు మీద, సాయంత్రం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు వీడియో ఆగుతుందా, కరెంటు పోతే ఏమవుతుంది, లైను తెగితే ఎన్నాళ్ళకు బాగుచేస్తారు, ఇవి అడగాలి. అన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా నడిమి ఇల్లు వదిలేసి మిగతా మూడిళ్ళకూ వెళ్ళాను. ఆమెను అడగడమా? చచ్చినా అడగననుకున్నాను.

మొదటి ఇంట్లో బట్టలు కుట్టే ఆమె చాయ్ ఇచ్చి "మస్తు వస్తది" అంది. ఆమె ఫోనులోనే స్పీడు చూశాను, బాగుంది. రెండో ఇంట్లో మిల్లు కార్మికుడి భార్య కూడా చాయ్ ఇచ్చింది, అదే మాట చెప్పింది. చాయ్ పోసినవాళ్ళను పట్టుకుని అది ఎవరి పేరు మీద ఉందని అడగడానికి నోరు రాలేదు. మూడో ఇంట్లో కోచింగ్ క్లాసులు వినే అమ్మాయి చాయ్ ఇచ్చి, తన ఫోను నా చేతికే ఇచ్చింది. స్పీడు చూస్తూ తెర పైభాగం చూద్దును గదా, వైఫై పేరు మా ఇంటిపేరు! కుట్టుపనామె ఫోనులోనూ అదే కనిపించినట్టు అప్పుడు గుర్తొచ్చింది.

"ఇది మీది కాదా?"

"కాదు ఆంటీ, నడిమింటి అక్కది. పాస్‌వర్డ్ అందరికిచ్చింది."

నాకూ ఉన్న ఇంటిపేరే అది. ఆ పేరుతో వరుసంతా ఆమెను తలుచుకుంటోంది.

ఇళ్ళకు ఫైబర్ లైన్లు పంచే పెట్టె స్తంభం మీద ఉంది, దాని మీది నంబరుకు ఫోన్ చేశాను. కేబుల్ నడిపే భాయ్ బండి మీద వచ్చాడు. ఊళ్ళో వాళ్ళ నాన్న కాలం నుంచీ టీవీల దుకాణం వాళ్ళదే. నిచ్చెన వేసి పెట్టె తెరిచాడు.

"లైన్లిచ్చే జాగలన్నీ నిండినయ్ అక్కా. అటు రోడ్డు మీది ఇండ్లకే పోయినయ్. ఆఖరుది మీ చెల్లెకిచ్చిన."

"ఇంకో పెట్టె పెట్టలేవా భాయ్?"

"లైన్ల సిగ్నల్ మంచిగనే ఉన్నది, పెట్టొచ్చు. ఒక్క ఇంటికైతే నాకు గిట్టదు. నలుగురు తీసుకుంటే జల్దీ పెడ్త. గీ వరుసల ఎవరు తీసుకుంటరు? అందరికి ఉత్తగనే వస్తున్నది గద."

అంటే ఆమె మంచితనమే నా ఉద్యోగానికి అడ్డం. ఆ మాట ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు. నాకు ఏడుపొచ్చింది. చచ్చినా అడగనన్న గడపే తొక్కాను.

ఆమె బెండకాయలు తరుగుతోంది. "రా అక్కా. చాయ్ పెట్టనా? మూడిండ్లల్ల తాగినవంట గద."

నేను పీట లాక్కుని కూర్చున్నాను.

"వరుసంత అడిగినవ్. వైరున్న ఇంట్ల మాత్రం అడగలే."

అప్పుడు అడిగాను. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. సాయంత్రం అందరూ ఎక్కితే నెమ్మదిస్తుంది. వానకేం కాదు. కరెంటు పోతే భాయ్ దగ్గర బ్యాటరీ ఉంది, కానీ ఇంట్లో రూటర్‌కు మనమే ఏదో బ్యాకప్ పెట్టుకోవాలి. గెలలు ఎత్తుగా వేసుకుపోయే ట్రాక్టర్లు దారి మలుపులో వైరు తెంపుతాయి, మరునాటికి భాయ్ అతుకుతాడు. మూడిళ్ళు తిరిగినా నాకు తెలియనిది ఇదే. నేను పెట్టె సంగతి, నలుగురి సంగతి చెప్పాను. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"పొద్దున లేస్తే గీళ్ళంత నా గడపలనే ఉంటరక్కా. నెట్ రాకుంటే రూటర్ ఆపి మళ్ల పెట్టమని వస్తరు, వచ్చి కూసుంటరు. అది లేకుంటే ఎవరొస్తరు?"

అయినా ఆమే ఫోను తీసి నా ఎదుటే పాస్‌వర్డ్ మార్చింది. చీకటి పడకముందే ముగ్గురూ వచ్చారు. "మాకే సరిపోతలేదు, మీరు సొంతానికి పెట్టుకోండ్రి" అంది. నా పేరు ఎత్తలేదు. వాళ్ళు మూతి ముడుచుకుని భాయ్‌కి ఫోన్ చేసుకున్నారు. ఆ ముగ్గురూ నేనూ కలిస్తే నలుగురం. ఆ వారంలోనే కొత్త పెట్టె వచ్చింది. నా పేరు మీద కనెక్షన్ వచ్చాక, మా కంపెనీ చేసిన నెట్ పరీక్ష గట్టెక్కాకే సామాను దించాం.

ఇప్పుడు కుట్టుపనామె నా గడపలో కూర్చుంటుంది. "నువ్వొచ్చినంకనే మాకు సొంత నెట్టొచ్చింది, ఆమె ఉత్త పిసినారి" అంటుంది. అసలు సంగతి చెప్పబోయాను ఒకసారి. అటుగా బిందె పట్టుకుని పోతున్న తోటికోడలు కళ్ళతోనే వద్దంది.

వరుసంతా నన్నే మెచ్చుకుంటోంది. అయినా నా కుళ్ళు తగ్గలేదు, పెరిగింది. అంతమంది వచ్చి కూర్చునే గడప నాకుంటే, నా తోటికోడలి ఉద్యోగం కోసం నేను దాన్ని ఖాళీ చేసుకునేదాన్ని కాదు.