దవడ పన్ను కంటే ముందు బుగ్గ

కుడివైపు కింద దవడ పన్ను పుచ్చి పీకించుకుని ఏడాది దాటింది. అన్నం ఎడమవైపే నమిలేదాన్ని. ఒక పక్కే నమిలితే ఏమవుతుందిలే అనుకున్నాను. కానీ ఎదురుగా మొక్కజొన్న కంకి కనిపించినా, మాంసం కూర కనిపించినా నాకు ఏడుపు వచ్చేది. తిండి విషయంలో ఓర్పు లేని మనిషిని నేను. చివరికి ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరుకు పోయాము, నేనూ మా ఆయనా.

మా ఆయన గొర్రెలు మేపే మనిషి. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఆయన ఏ జీవాన్ని చూసినా ముందు పెదవి పైకెత్తి పళ్ళు లెక్కపెడతాడు, అందుకని నా పన్ను గురించి సలహా చెప్పడానికి తనకు మాత్రమే అర్హత ఉందనుకున్నాడు. బస్సంతా అదే గోల. నేను వినలేదు. పన్నుకు బ్రిడ్జి కట్టించుకోవాలని ముందే తేల్చుకున్నాను. మా సెంటర్ దగ్గర ఇంట్లో ఉండే ఆమె కట్టించుకుంది, రెండు వారాల్లో అయిపోయింది.

ఆత్మకూరు క్లినిక్కులో డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. కూర్చోబెట్టి ముందు ప్రశ్నలు అడిగింది. షుగర్ ఉందా, బీపీ ఉందా, మందులేమైనా వాడుతున్నారా, పొగాకు అలవాటు ఉందా. లేదు, లేదు, లేదు, లేదు అన్నాను. చివరిదానికి ఇంకొంచెం గట్టిగా అన్నాను. అసలు పొగాకు మానండని గర్భిణులకు చెప్పేది నేనే కదా.

ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. ఖాళీకి ముందున్న పన్నూ, వెనకున్న పన్నూ రెండూ గట్టివే. పైనున్న పన్ను మాత్రం ఎదురు లేక కొంచెం కిందికి దిగింది. ఇంకా ఆలస్యం చేస్తే ఇంకా దిగుతుంది, వెనకది ముందుకు వాలుతుంది అంది. ఆ తరువాత మూడు దార్లూ చెప్పింది.

"బ్రిడ్జి అంటే ఆ రెండు మంచి పళ్ళనీ అరగదీసి టోపీలు తొడుగుతాం, మధ్యలో కొత్త పన్ను వేలాడుతుంది. తొందరగా అయిపోతుంది. కానీ అరగదీసింది మళ్ళీ రాదమ్మా. కట్టుడు పన్ను అంటే తీసి పెట్టుకునేది. రాత్రి తీసి నీళ్ళలో వేయాలి, నమలడం అంత బలంగా ఉండదు, ఖర్చు తక్కువ. ఇంప్లాంట్ అంటే ఎముకలోకి ఒక స్క్రూ బిగించి, మూడు నెలలు ఎముక దాన్ని పట్టుకునేదాకా ఆగి, దాని మీద పన్ను పెడతాం. పక్క పళ్ళను ముట్టుకోం. ఖర్చు ఎక్కువ, ఓపిక ఎక్కువ. ఎముక చాలినంత ఉందో లేదో స్కాన్ తీయించాలి."

మా ఆయన వెనకనుంచి అందుకున్నాడు. "రెండు మంచి పళ్ళు అరగదీయడం ఏందమ్మా, ఒక గొర్రె చచ్చిపోయిందని ఇంకో రెండింటి కాళ్ళు ఇరగ్గొట్టుకుంటామా?"

డాక్టరమ్మ నవ్వింది. నాకు కోపం వచ్చింది. బ్రిడ్జే కావాలి అన్నాను.

సరే, కొలతలకు ముందు నోరంతా ఒకసారి చూస్తానని అద్దం పట్టుకుని బుగ్గ పక్కకు లాగింది. లాగినది లాగినట్టే ఉండిపోయింది. నవ్వు పోయింది. కుడివైపు కింది చిగురుకూ బుగ్గకూ మధ్య ఉన్న పల్లం దగ్గర వేలితో తడిమింది.

"ఇక్కడ ఏమైనా పెట్టుకుంటారా అమ్మా?"

అప్పుడు చెప్పినాను. పొద్దున్నే ముక్కుపొడితో పళ్ళు రుద్దుకుంటాను. మా అమ్మా రుద్దేది, అవ్వా రుద్దేది. రుద్దిన తరువాత ఒక చిటికెడు ఆ పల్లంలోనే కాసేపు ఉంచుకుంటాను. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఇంకొక్కసారి. దాన్ని నేను ఏనాడూ పొగాకు అనుకోలేదు, పళ్ళపొడి అనుకున్నాను. ఈ మాట నిజమా అని నన్ను నేను అడిగితే సగమే నిజం. డబ్బీ మీద ఏం రాసుందో చదవగలిగినదాన్ని నేను, చదవలేదు.

అక్కడ తెల్లటి మచ్చ ఉందట, ముడతలు పడినట్టు. "ఇలాంటివి చాలావరకు పొడి మానేస్తే పోతాయి. రెండు వారాలు పూర్తిగా మానేయండి. అప్పటికీ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. అంతదాకా బ్రిడ్జీ వద్దు, ఇంప్లాంటూ వద్దు." నేను అడగకుండా ఉండలేకపోయాను, అది క్యాన్సరా అని. "ఇప్పుడే అలా అనుకోకండి" అంది. అది కాదని చెప్పినట్టు కాదు.

ఇంటికొచ్చి డబ్బీ పెంటదిబ్బలో విసిరేసినాను. మొదటి నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు. ఎవరు పలకరించినా కసిరేదాన్ని. వాటన్నిటికంటే భయం పెద్దది. మా అమ్మాయి రెండో కాన్పుకు ఉంది, ఆ బిడ్డను చూడకుండా పోతానేమో అనుకునేదాన్ని. పన్ను సంగతి పూర్తిగా మరచిపోయాను. రోజూ పొద్దున్నే మా ఆయన ఫోను లైటు వేసి, "తెరువే నోరు" అనేవాడు. బుగ్గ లాగి గొర్రెను చూసినట్టే చూసేవాడు.

"తగ్గతా ఉండాది."

"నువ్వు చెప్పేది నమ్మాలా? ఆరుపళ్ళ పొట్టేలును నాలుగుపళ్ళదని వయసు తగ్గించి అమ్మినోడివి."

"దాని పళ్ళు నేను తప్పు చెప్పినా, నీ పళ్ళు తప్పు చెప్పనులే" అన్నాడు. ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఆయనకు చూపించలేదు.

రెండు వారాల తరువాత మళ్ళీ కుర్చీలో పడుకున్నాను. డాక్టరమ్మ బుగ్గ లాగి, లైటు దగ్గరికి జరిపి, గాజుగుడ్డతో తుడిచి చూసింది. చాలాసేపు చూసింది.

"పోయిందమ్మా. మళ్ళీ పెట్టకపోతే చాలు. ఆరు నెలలకోసారి మాత్రం చూపించుకోండి."

ఏడ్చేశాను. నోట్లో అద్దం ఉండగానే ఏడ్చేశాను. బయట కూర్చున్న మా ఆయన పరిగెత్తుకొచ్చినాడు, ఏమయిందోనని.

కుదుటపడ్డాక మళ్ళీ అడిగింది, ఏది పెడదామని. ఇప్పుడు బ్రిడ్జి కట్టినా అభ్యంతరం లేదంది. ఇంప్లాంట్ అయితే మాత్రం పొడి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చిగురుకు రక్తం సరిగా అందదు, ఎముక స్క్రూను పట్టుకోకపోవచ్చు, అప్పుడు తీసేయాల్సి వస్తుంది అంది. మూడు నెలలు ఆగగలరా అని అడిగింది.

తొందరగా అయ్యే పని మీద నాకు మోజు పోయింది. బాగున్న రెండింటినీ అరగదీయడానికి మనసు రాలేదు. అందుకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. నా మీద నాకు నమ్మకం లేదు. బ్రిడ్జి వేసుకుంటే ఏ మధ్యాహ్నమో మళ్ళీ డబ్బీ కొంటానని నాకు తెలుసు. ఇంప్లాంటే పెట్టండి అన్నాను.

నెల్లూరు పోయి స్కాన్ తీయించాము. ఎముక చాలినంత ఉంది, దవడలోని నరం స్క్రూకు తగలనంత దూరంగానే ఉంది. స్క్రూ బిగించిన రోజు మత్తు సూది తప్ప నొప్పి తెలియలేదు, తరువాత రెండు రోజులు బుగ్గ వాచింది, అంతే. మూడు నెలలు ఆ వైపు గట్టివి నమలలేదు. మనవడు ఈలోపే పుట్టాడు. సీతారామపురంలో మా అమ్మాయి ఇంటిదాకా పోయి చూసొచ్చాను.

మూడు నెలల తరువాత డాక్టరమ్మ మళ్ళీ ఎక్స్‌రే తీసి, స్క్రూను పరీక్షించి, కదలడం లేదు, ఎముక బాగా పట్టుకుంది అంది. కొలత తీసుకుంది. ఆ పై వారం పన్ను బిగించి, పై పన్ను ఎక్కడ తగులుతుందో చూడ్డానికి నీలం కాగితం కొరికించి, ఎత్తు సరిచేసింది. అద్దంలో చూస్తే ఏది నాదో ఏది పెట్టిందో తేలడం లేదు.

"ఎట్లుండాది?" అన్నాడు మా ఆయన, బస్సులో.

పన్ను గురించే అడిగినాడని తెలుసు. నాలుక మాత్రం పన్ను దగ్గరికి పోలేదు. దాని పక్కన, బుగ్గ లోపలి పల్లంలోకి పోయింది. అక్కడ గరుకు లేదు, ముడత లేదు.

"బాగుండాది" అన్నాను.