నాలుగు, గీత, పన్నెండు

జహీరాబాద్‌లోని ఒక చిన్న ధర్మాసుపత్రిలో నాది వివరాలు చూసే ఉద్యోగం. ఊళ్లలో గర్భిణుల రక్త పరీక్ష శిబిరాలు పెట్టినప్పుడు పేర్లు, ఇంటి నంబర్లు, ఫలితాలు కంప్యూటర్‌లో ఎక్కించి ఎవరికి కావలసినవి వాళ్లకు పంపడం నా పని. మా తాతలు దొరతనం చేసిన గడిలో ఇప్పుడు రెండు గోడలే నిలబడి ఉన్నాయి. అయినా నేను నడుం వంచి కూర్చోను. చిన్నప్పుడు నానమ్మ ఒప్పుకోలేదు, ఇప్పుడు నా ఒళ్లు ఒప్పుకోదు. మేం ఇచ్చినదాన్ని జనం తీసుకోవడమే మా ఇంటి ఆనవాయితీ. ఎలా కావాలని ఎవరినీ అడిగింది లేదు.

మా ప్రోగ్రాంలో వివరాలు బయటికి తీసేటప్పుడు మూడు దారులు చూపిస్తుంది. సీఎస్వీ అంటే కామాలతో విడదీసిన వట్టి అక్షరాలు. జిల్లా కార్యాలయంలోని ప్రోగ్రాం అదే అడుగుతుంది, నేరుగా మింగేస్తుంది. జేసన్‌లో ఒక్కో మనిషి కింద ఆమె పరీక్షలన్నీ పేరుతో సహా ముడిపడి ఉంటాయి. హైదరాబాద్ పెద్దాసుపత్రి యాప్‌కు అది పంపుతాం. ఎక్సెల్ మనుషులు కళ్లతో చదివేందుకు. ఏ నిలువు వరుస తేదీ, ఏది వట్టి రాత అన్న సంగతి ఫైలులోనే నిలిచి ఉంటుంది.

మొగుడంపల్లి వైపు ఊళ్లు చూసే నర్సమ్మ నాకంటే పెద్దది, కర్ణాటక సరిహద్దు మనిషి. శిబిరం అయిన రోజే అడిగింది.

"పటేలా, మాకు జర ఎక్సెల్‌ల పంపుండ్రి. ఆ కామాల ఫైలు మాకు తెలుస్తలేదు."

"అది ఎక్సెల్‌లోనే తెరుచుకుంటుందమ్మా. డబుల్ క్లిక్ చేస్తే చాలు" అన్నాను.

జిల్లాకు తీసిన ఫైలులోంచి పరీక్ష అంకెలు మాత్రం తీసేసి, ఊళ్లవారీగా విడదీసి ఐదుగురు నర్సులకూ పంపాను. రెండోసారి బటన్ నొక్కాల్సిన అవసరం నాకు కనబడలేదు.

వారం తర్వాత ఒక ఉదయం డాక్టరమ్మ నా బల్ల దగ్గర నిలబడింది.

"మొగుడంపల్లి వైపు ఒక తండాలో ఒకటో కోడు అమ్మాయి ఉన్నది. రక్తం ఐదు గ్రాములకు లోపల. ఇంకా రాలేదేం?"

మేం నర్సులకు అంకెలు పంపం, కోడు పంపుతాం. ఒకటి అంటే ఇవాళే తీసుకురావాలి. ఆ అమ్మాయి ఇచ్చిన ఫోను నంబరు మోగలేదు. నర్సమ్మకు చేశాను.

"ఆ పిల్లనా? ఆమెకు డిసెంబర్ నాలుగు గద పటేలా! ఇంక టైముంది."

"డిసెంబర్ ఏంటి? నేను తేదీ ఏదీ పంపలేదు."

"మీరే పంపిన్రు. ప్రింటు తీసిన కాయితం నా చేతుల్నే ఉంది. ఆ తండల ముగ్గురున్నరు. ఒకామెకు సెప్టెంబర్ నాలుగు, ఒకామెకు నవంబర్ నాలుగు, ఈ పిల్లకు డిసెంబర్ నాలుగు. మా దగ్గర క్లినిక్ నాలుగో తారీఖునే ఉంటది గద. మళ్ల రమ్మన్న రోజు అనుకున్న."

"పైన పేర్లు రాసి ఉన్నాయి కదమ్మా, ఏ వరుస ఏమిటో!"

"ఏం పేర్లు? పైన అంతా పురుగులు పాకినట్టుంది. ఒకటి అని ఉంటే మొదటి కాన్పు అనుకున్న."

నా దగ్గరున్న అసలు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఆ అమ్మాయి పేరు పక్కన స్పష్టంగా ఉంది: 4-12. నాలుగో వార్డు, పన్నెండో ఇల్లు. అదే ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేశాను. కళ్లముందే అది 04-Dec అయింది. పక్కింటివాళ్లు 4-9, 4-11 సెప్టెంబరూ నవంబరూ అయ్యారు. ఇది ఇంటి నంబరని చెప్పే గుర్తు సీఎస్వీలో ఉండదు. ఎక్సెల్ తనకు తోచింది ఊహించుకుంది. పైనున్న తెలుగు శీర్షికలు పిచ్చి గీతలయ్యాయి. ఆ ఫైలు ఏ లిపిలో రాసిందో చెప్పే గుర్తు కూడా మొదట్లో లేదు మరి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండడంతో అవి మాత్రం బాగానే ఉన్నాయి. అందుకే నర్సమ్మకు కాగితం మీద అనుమానం రాలేదు.

నర్సమ్మను చిరాగ్‌పల్లి హైవే దగ్గరికి రమ్మన్నాను.

మిగతా నలుగురు నర్సులకు ఫోన్ చేసి, ఒకటో కోడు ఎవరికైనా ఉందేమో చూసి ఆ కాగితాలు పక్కన పెట్టమన్నాను. రాయికోడ్ నర్సు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి "మా దాంట్ల ఒకటో కోడు ఎవరు లేరన్నా, ఫికర్ చేయకు" అంది. నేను కుర్చీలోంచి లేచి ఆసుపత్రి జీపెక్కాను. చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన నర్సమ్మ స్కూటీ ఆపి నిలబడి ఉంది. జీపులో ఎక్కి ఆ కాయితం నా ఒళ్లో పెట్టింది. అది తిట్టుకంటే ఎక్కువైంది.

తండాలో సగం ఇళ్లకు నంబర్లు చెరిగిపోయి ఉన్నాయి. నాలుగు గీత పన్నెండు అన్న నీలిరంగు రాత ఒక తలుపు పక్కన కనబడింది. తలుపుకు తాళం ఉంది.

"అల్లం చేన్లకు పోయింది కోడలు" అంది పక్కింటి అరుగు మీదున్న ముసలమ్మ. అత్తగారు ఆమే. "రెండు రోజులాయె, కండ్లు తిరుగుతున్నయి అంటది. పనికి పోవొద్దంటే ఇనదు."

చేను దాకా నడిచాం. నడిచామని రాస్తున్నాను కానీ నేను పరిగెత్తాను. మా ఇంట్లో ఎవరూ పరిగెత్తగా నేను చూడలేదు. గట్టు మీద ఆ అమ్మాయి తల మోకాళ్ల మీద ఆనించి కూర్చుని ఉంది. నర్సమ్మ కింది కనురెప్ప లాగి చూసింది. లోపల సున్నం గోడలా తెల్లగా ఉంది.

"లే బిడ్డా, దవాఖానకు పోదం" అంది.

"డిసెంబర్ల రమ్మన్నవు గద అక్కా?" అందా పిల్ల ఊపిరి అందక.

నర్సమ్మ నా వైపు చూసింది. జీపులో ఆ అమ్మాయి తల ఆమె ఒళ్లో ఉంది. దారిపొడుగునా ఆ పొట్టను చూస్తూ, అది కదులుతోందా లేదా అని భయపడుతూ కూర్చున్నాను. ఒక గుంతలో జీపు ఎగిరినప్పుడు ఆమె మూలిగింది. ఆ మూలుగు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరమ్మ ఆమెను చూసి హైదరాబాద్ పంపేంత సమయం లేదంది. ఇక్కడే రక్తం ఎక్కించారు. బిడ్డ గుండె వినబడుతోందని బయటికొచ్చి చెప్పేదాకా నేను వరండాలో నిలబడే ఉన్నాను. ఆ తర్వాత నా బల్ల దగ్గరికి వెళ్లి ఐదుగురికీ మళ్లీ ఫైళ్లు తీశాను. ఈసారి ఎక్సెల్. ఇంటి నంబరు వరుస రాతగానే ఉంచాను. పంపేముందు ఒకటి తెరిచి నర్సమ్మ ముందు పెట్టాను.

"ఇట్లయితే సరిపోతుందా అమ్మా?"

ఆమె ఆ వరుసల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. "గీ ముక్క ఆనాడే అడిగితే అయిపోతుండె గద పటేలా" అంది. కోడు వరుస మీదికి వేలు జరిపి, "కోడు పక్కన 'ఇయ్యాలే' అని కూడా రాయిన్రి. ఒకటి అంటే నాకేం తెలుస్తది" అంది. రాశాను.

వెనకాల ఆటోలో వచ్చిన అత్తగారు వార్డు గుమ్మం దగ్గర నన్ను ఆపింది. తెల్లచొక్కా చూసి పెద్ద డాక్టరనుకున్నట్టుంది, చేతులు జోడించింది.

"ఎవరు సార్ మీరు?"

ఈ ప్రశ్నకు నేను ఎప్పుడూ మా ఇంటి పేరుతో మొదలుపెడతాను. తర్వాత మా ఊరు, తర్వాత తాత పేరు.

"ఆ కాగితం పంపినవాణ్ణి" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. చేతులు జోడించే ఉంచింది. నేను వాటిని పట్టుకుని కిందికి దించాను.